కోపిష్టి అతిథి

రిసెప్షన్ ఉద్యోగాల ఇంటర్వ్యూ అంటే మా హోటల్ మేనేజరుకు హుషారు. రెండు ప్రశ్నలడిగి, పెట్టె పట్టుకుని కోపిష్టి అతిథైపోతాడు. ధారాళమైన ఇంగ్లీషుకు అయిదు మార్కులు, తడబడనందుకు అయిదు.

చివరగా వచ్చిన అమ్మాయిని గొంతు పెగలదని రెండు హోటళ్లు తిప్పి పంపాయి. ఇక్కడా కాదంటే ఆశ వదులుకునేదే.

"నా గదేది?" అని ఆయన ఇంగ్లీషులో గర్జించాడు. ఆమె పూర్తిగా విని, క్షమాపణ చెప్పి, అరగంటలో గది ఇస్తామని, ఈలోగా కాఫీ తాగమని మెల్లగా, చక్కటి ఇంగ్లీషులో చెప్పింది. ఆయన పెట్టె ఈడ్చుకుంటూ లాబీకి వెళ్లిపోయాడు.

మార్కులు వేస్తున్న హెచ్ఆర్ మేడం వెతుక్కుంటూ వెళ్లింది.

"సార్, ఇంటర్వ్యూ అవలేదండీ!"

"ఉండమ్మా, గదిస్తామన్నారుగా! కాఫీ ఏదీ?"

మేడం పగలబడి నవ్వుతూ పదికి పదీ వేసేసింది.