నోటీసు కాకూడని మెయిల్

కోపం వస్తే నా ఇంగ్లీషు నల్లకోటు తొడుక్కుంటుంది. అదేం ఖర్మో!

గుంటూరులో మిరపకాయలు ఎగుమతి చేసే కంపెనీలో నాణ్యత చూడటం నా పని. వినుకొండలో సరుకు కొనే ఆయనా నా హోదా ఉద్యోగే. ఆయన నా కింద లేడు, నేను ఆయన కింద లేను. ఆ ఉదయం ఆయన పంపిన లాటులో తేమ, ఆయన రాసినదానికంటే ఎక్కువ వచ్చింది. ఆయన దగ్గర అదే లాటు శాంపిల్ ఇంకోటి దాచి ఉంటుంది. అది సాయంత్రానికి వస్తే మళ్ళీ పరీక్షించొచ్చు, లేకపోతే మర్నాడు లోడింగు ఆగిపోతుంది. అంతకు ముందు వారమే మేనేజరు ఆయన్ని మీటింగులో అందరి ముందూ కడిగేశాడు. ఇంకో ఫిర్యాదు పైకి వెళ్తే ఆ మనిషి ఉద్యోగానికే ఎసరు.

అన్నీ తెలిసే నేను రాసిన మెయిల్, తెలుగులో చెప్పాలంటే, ఇది: "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, తేమలో వ్యత్యాసము గమనించబడినది. సాయంత్రములోగా శాంపిల్ పంపనియెడల తదుపరి పరిణామములకు మీరే బాధ్యులు." కాపీ మేనేజరుకి. మా ఆఫీసులో అది చెయ్యి దానంతటదే చేసే పని.

పక్క సీటు అకౌంట్స్ అక్క తొంగిచూసింది. "అమ్మో! కోర్టుకి లాగుతున్నావేంటే ఆయన్ని? శాంపిల్ పంపడు, వకీలుని పంపుతాడు."

ఒళ్ళు మండింది. మొత్తం కొట్టేసి, "ఏం సార్, కాయలకి తలంటు పోసి పంపారా?" అని రాశాను. చదువుకుంటే నాకే సిగ్గేసింది. మొన్ననే తిట్లు తిన్న మనిషితో వేళాకోళమా? పుండు మీద కారం చల్లడమే.

మళ్ళీ మొదలుపెట్టాను. "నమస్తే అండీ. మీరు పంపిన లాటులో తేమ ఇక్కడ కాస్త ఎక్కువ చూపిస్తోంది. మేం శాంపిల్ తీసిన తీరులో తేడా ఉందేమో కూడా చూస్తున్నాను. మీ దగ్గరున్న రెండోది సాయంత్రం ఐదులోగా చేరేలా పంపగలరా? రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. రేపు లోడింగు ఉంది కాబట్టి తొందరపెడుతున్నాను. కుదరకపోతే ఒక్క ఫోన్ చేయండి."

ఇక కాపీలో ఉన్న మేనేజరు పేరు. అది తీసేస్తే, రేపు లాటు ఆగినప్పుడు "నాకెందుకు చెప్పలేదు?" అని నన్నే నిలదీస్తాడు. ఉంచితే ఎంత మెత్తగా రాసినా అది ఫిర్యాదే. భయపడుతూనే తీసేసి పంపాను.

మధ్యాహ్నం భోజనాల దాకా జవాబు లేదు. ఆ తర్వాత ఫోన్ మోగింది.

"మేడమ్, శాంపిల్ బస్సులో పంపించానండి. కండక్టరు నంబరు మెసేజ్ పెడతా." ఆయన ఫోన్ వెంటనే పెట్టేయలేదు. "మీ మెయిల్ ముందు చదవలేదండి. పైన ఎవరెవరికి వెళ్ళిందో చూశా. నా పేరొక్కటే ఉంది. అప్పుడు చదివా."

సరేనండి అన్నాను. తేమ సంగతి ఇంకా తేలనేలేదు. నేనూ ప్రతి మెయిల్లోనూ ముందు ఆ పేర్లే చూస్తాను.