ఎడమ పక్కకు తిరిగి పడుకున్న మనిషి

మా బావ పనిదొంగ అనే మాట మా బంధువుల్లో చాలామంది నోట ఇప్పటికీ ఉంది. ఎవరింట్లో శుభకార్యం జరిగినా ఆయన కాసేపు నడుం వాలిస్తే ఎవరో ఒకరు కన్ను గీటుతారు. ఆ మాట పుట్టించింది నేను. అది తప్పని తెలిశాక కూడా నోరు మూసుకుని ఉన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

అరవైల నాటి సంగతి. బెంగాల్లోని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో బావ, నేను ఒకే గ్యాంగులో ఫిట్టర్లం. బావ అంటే మా అక్క భర్త. నాకు పని నేర్పింది ఆయనే. అదే ఊరి పేట ఝపటాపూర్‌లో వాళ్ళింట్లోనే తిని అక్కడే ఉండేవాణ్ణి. వ్యాగన్ల కింద బ్రేకు గొట్టాలు విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించడం మా పని. పొద్దస్తమానం వంగే ఉండాలి.

ఆ చలికాలం షాపులో అందరికీ జలుబు చేసింది, అందరికీ తగ్గింది. బావకు తగ్గలేదు. ముక్కు కుడివైపు బిగుసుకుపోయింది. పది రోజులయ్యాక కుడి బుగ్గ బరువెక్కిందన్నాడు. వంగితే ముఖం పగిలిపోతోందన్నాడు. తర్వాత అదే వైపు పై పళ్ళు లాగుతున్నాయన్నాడు.

"నిన్న బుగ్గ, నేడు పళ్ళు. రేపేటి బావా, సెవులా?" అన్నాను.

"నవ్వరా, నవ్వు. నీకొస్తే తెలుస్తాది."

మధ్యాహ్నం అయ్యేసరికి స్పానరు కింద పడేసి, వ్యాగను వెనక గోనెసంచుల మీద పడుకునేవాడు. ఇరవై నిమిషాలకు లేచి, ముక్కు చీది, ముఖం కడుక్కుని తేలిగ్గా నవ్వుతూ వచ్చేవాడు. ఆ నవ్వే నాకు ఒళ్ళు మండించేది. నిజంగా నొప్పి ఉన్నవాడికి ఇరవై నిమిషాల్లో ఎలా పోతుంది? ఆయన వాటా నట్లు కూడా అంతసేపూ నేనే బిగించాలి.

ఒకరోజు అది ఫోర్‌మన్ కంట్లో పడింది. ఆయనా మన తెలుగువాడే. నన్ను గదిలోకి పిలిచాడు.

"రోజూ ఇంతేనా మీ బావ?"

"ఇంతే సార్."

"జొరమేటైనా ఉందా?"

"నేదు సార్. లేచాక బాగానే ఉంటాడు."

"అయితే నిద్రే."

"నిద్రే సార్," అన్నాను. నిజానికి దూరం నుంచి చూడ్డమే తప్ప, దగ్గరికి వెళ్ళి నిద్రో కాదో చూసింది ఒక్కసారీ లేదు. ఫోర్‌మన్ అదే రాసి ముందుకు తోసిన కాగితం మీద సంతకం పెట్టాను.

రెండు రోజులకు బావకు ఛార్జిషీటు వచ్చింది. డ్యూటీలో నిద్రపోయాడని అభియోగం. వారంలోగా జవాబివ్వాలి. తేలితే ఉద్యోగం పోవచ్చు. కింద సాక్షిగా నా పేరు ఉంది. బావ దాన్ని చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. చదువు రాని అక్కకు సాక్షి ఎవరో చెప్పలేదు.

అక్క మాత్రం ఆసుపత్రికి వెళ్ళమని పోరింది.

"ఇప్పుడెల్తే, కాయితానికి బయపడి రోగం తెచ్చుకున్నానంతారు," అన్నాడు బావ.

"అననీ. ఒరే తమ్ముడా, నువ్వు తీసుకెల్లు. ఈ మనిసి నా మాట ఇనడు."

తీసుకెళ్ళాను. ఏ రోగమూ లేదని డాక్టరు తేల్చేస్తే నా సంతకం ఖాయమవుతుందనే ఆశ కూడా లోపల ఉంది. ఆ ఆశను ఇప్పుడు దాచలేను.

రైల్వే ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరు బెంగాలీ. మన జనం మధ్య ఏళ్ళ తరబడి పనిచేసి తెలుగు పట్టుకున్నాడు. నుదుటి మీది గుండ్రటి అద్దంతో ముక్కులోకి వెలుగు పంపి చూశాడు. కుడి బుగ్గ నొక్కితే బావ ఉలిక్కిపడ్డాడు.

"ఏం చేస్తే తగ్గుతది, దాదా?"

బావ తల దించుకున్నాడు. నిజం చెబితే జేబులోని ఛార్జిషీటును ఒప్పుకున్నట్టే మరి.

నేను అందుకున్నాను. "పడుకుంటే తగ్గిపోతాది సార్! డ్యూటీలో పడుకుంటాడు. ఎప్పుడు సూసినా ఎడం పక్కకే. లేస్తే ఏటీ ఉండదు."

ఆయన అద్దం పైకి తోసి నన్ను చూశాడు. "ఎడం పక్కకా? పక్కాగా?"

"పక్కాగా సార్."

"పడుకున్నాక ఏమవుతది?" ఈసారి బావను అడిగాడు.

"ముక్కులోంచి పసుపుగా కారుతాది సార్. కంపు. అది పోతే బుగ్గ తేలికవుతాది. కుడేపు పడుకుంటే మాత్రం ఏటీ కారదు."

డాక్టరు చీటీ వెనక ఒక ముఖం గీశాడు. మన బుగ్గ ఎముకల్లో, నుదుటిలో, కళ్ళ మధ్య, ఆ వెనక కూడా గాలి గదులు ఉంటాయట. వాటి లోపలి పొర కొద్దికొద్దిగా చీమిడి ఊరుస్తుంది. కంటికి కనబడనంత సన్నని నూగు దాన్ని ఊడ్చుకుంటూ ఒక చిన్న రంధ్రం గుండా ముక్కులోకి పంపుతుంది. జలుబు చేసి పొర వాస్తే ఆ రంధ్రం మూసుకుపోతుంది. లోపలిది నిలవ ఉంటుంది, నూగు పనిచేయదు, నిలవ ఉన్నదాంట్లో క్రిములు పెరిగి చీము పడుతుంది.

"బుగ్గ గదికి రంధ్రం ఇక్కడ," అని పెన్సిలుతో గుచ్చాడు. గది అడుగున కాదు, ముక్కువైపు గోడలో, పైన.

బావ అప్పటిదాకా పడ్డ బాధంతా మరిచి ఫిట్టరైపోయాడు. "ఏటి సార్! మేం గొట్టంలో నీరు పోయే మూత అట్టడుగున పెడతాం. దేవుడు పైన పెట్టీసినాడా? ఆ గ్యాంగుకి ఫోర్‌మన్ ఎవుడు?"

డాక్టరు పగలబడి నవ్వాడు. "నూగు బాగుంటే పైకైనా మోస్తది దాదా. ఇప్పుడు మొయ్యదు. నువ్వు ఎడం పక్కకి తిరిగితే కుడి బుగ్గలో ఆ గోడ కిందికొస్తది. వాపు కొంచెం సందిచ్చినా కారిపోతది. నీకెవరు చెప్పారు?"

"ఎవులూ సెప్పనేదు సార్. పొర్లి పొర్లి సూసుకున్నాను."

నిద్ర అని నేను రాయించింది, ఆయన తన బుగ్గను తానే ఖాళీ చేసుకునే ఉపాయం.

ఎక్స్‌రేలో ఎడమ బుగ్గ గది గాలితో నల్లగా ఉంది. కుడి బుగ్గలో చీము సగం దాకా తెల్లగా, నీటిమట్టంలా సమంగా గీత. పెన్సిలిన్ సూదులు, ముక్కులో చుక్కలు, ఆవిరి పట్టడం మొదలయ్యాయి. నొప్పి తగ్గినా చీము మిగలడంతో, ముక్కులో మత్తు పెట్టి, బుగ్గ గదిలోకి సూదిలాంటి గొట్టం దింపి ఉప్పునీటితో కడిగారు. బావ ముందుకు వంగి గడ్డం కింద ట్రే పట్టుకున్నాడు. పక్కన నేను. నీటితోపాటు ముక్కులోంచి ముద్దలు ముద్దలుగా పచ్చటి చీము పడింది. వారం తర్వాత మళ్ళీ కడిగితే నీళ్ళు తేటగానే వచ్చాయి.

"గాలాడతందిరా," అన్నాడు బావ, బయట మెట్ల మీద, రెండు ముక్కుపుటాలతో ఊపిరి పీలుస్తూ. నాకూ ఊపిరాడింది.

అంతకుముందే, మొదటి రోజే, బావ పడుకునేది జబ్బు వల్లేనని డాక్టరు రాసిచ్చిన కాగితం ఫోర్‌మన్‌కు ఇచ్చాను.

"నిద్ర అన్నది నువ్వే కదా?"

"సూడనేదు సార్. అనుకున్నాను."

"ఆ మాటే రాయి."

రాశాను. ఛార్జిషీటు ఎత్తేశారు. అక్కడితో నా ధైర్యం అయిపోయింది. బంధువుల్లోనూ, షాపులోనూ మాత్రం "డాక్టరు మంచోడు, కాయితం రాసి గట్టెక్కించాడు" అని చెప్పుకొచ్చాను. దాంతో నా సంతకం మరుగున పడింది. బావ నిజంగానే నిద్రపోయాడనీ, డాక్టరు జాలిపడి కాపాడాడనీ అందరూ అనుకున్నారు.

ముప్పై ఏళ్ళు గడిచి, బావ ఈమధ్యే రిటైరయ్యాడు. పోయిన నెల మేనకోడలి నిశ్చితార్థంలో మా పెదనాన్న కొడుకు మళ్ళీ అదే హాస్యం ఆడబోతే, లేచి నిలబడి అంతా చెప్పేశాను. అక్క చేతిలో గరిటె ఆగిపోయింది.

"సంతకం నువ్వెట్టినావా?"

"ఎట్టినాడు," అన్నాడు బావ నాకంటే ముందు. "డాక్టరు కాడ ఎడం పక్కని సెప్పిందీ ఆడే. నేనైతే పీక కోసినా సెప్పుదును కాదు."

"అయితే సగమే తిడతాను," అంది అక్క. సగమే తిట్టిందో లేదో కానీ, భోజనాలయ్యేదాకా తిట్టింది. ఆ తిట్లు తింటుంటే ఎన్నేళ్ళుగానో బిగుసుకున్నదేదో నాలో వదులైంది.

తర్వాత బావ అందరి ముందే చాప మీద వాలాడు. కుడి పక్కకు తిరిగి, "ఇదైతే నిద్రేరా," అన్నాడు.