వారంటీ ఉత్తరంలో పిన్ని కొట్టెయ్యనన్న ముక్క

మా పిన్ని నర్సు. మంచం దిగలేని రోగుల ఇళ్లకు వెళ్లి కట్లు కట్టి, ఇంజెక్షన్లు ఇచ్చి వస్తుంది. ఆ తిరుగుడు కోసం కొనుక్కున్న కారులో ఇంజిన్ బొమ్మ దీపం వెలగడం మొదలైంది. కారు అమ్మిన షోరూమ్ వాళ్ల దగ్గరికే తీసుకెళ్తే, కంప్యూటర్ తగిలించి, అందులో కనబడిన లోపం కోడ్ తుడిచి, దీపం ఆర్పి, “ఏమీ లేదు మేడమ్” అని పంపేసేవారు. కొన్నాళ్లకి మళ్లీ వెలిగేది. ఆర్పడమే బాగుచెయ్యడం అనుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట. పైగా నెలాఖరుకి వారంటీ అయిపోతోంది. ఆ తర్వాత ఏం చేయించినా ఖర్చు పిన్ని నెత్తినే.

పిన్ని గొడవపడలేదు. వెళ్లినప్పుడల్లా షోరూమ్ వాళ్లు రాసిచ్చిన జాబ్ కార్డులన్నీ వంటింటి బల్ల మీద పరుచుకుని, సర్వీస్ మేనేజర్‌కి ఉత్తరం చెప్పింది. నేను టైపు చేశాను.

“మార్చి 4: దీపం వెలిగింది, తెచ్చాను, కోడ్ తుడిచేశారు. మార్చి 29: మళ్లీ అదే. ఏప్రిల్ 17: ఒకరోజు ఉంచుకుని, లోపం లేదన్నారు. మే 11: మళ్లీ తుడిచారు. ఈసారి తుడిచేముందు ఆ కోడ్ ఏమిటో రాసివ్వండి. ఈ ఫిర్యాదు వారంటీ ఉండగానే మొదలైంది కాబట్టి, వారంటీ కిందే బాగుచెయ్యమని కోరుతున్నాను.”

అక్కడితో ఆగలేదు. “ప్రతిసారీ ట్యాంకు నింపిన మర్నాడే వెలిగింది. నింపాక స్టార్ట్ అవడానికీ మొరాయిస్తుంది. పంపు దానంతటది ఆగాక కూడా ఇంకాస్త పోయించుకోవడం నాకు అలవాటు.”

వెనక నిలబడి చదువుతున్న బాబాయి ఉలిక్కిపడ్డాడు.

“ఆ చివరి ముక్క కొట్టెయ్. అలా పోయొద్దని కారు పుస్తకంలోనే ఉంది. తప్పంతా నీదేనని చేతులు దులుపుకుంటారు.”

“ఏం తిన్నాడో దాచే రోగికి నేనేం వైద్యం చెయ్యను? ఉండనీ,” అంది పిన్ని.

పిన్ని ఉండనీ అన్నాక ఆ ఇంట్లో ఇంక అప్పీలు లేదు. నాకైతే భయమే వేసింది.

కారుతోపాటు తీసుకెళ్లి ఇచ్చిన ఉత్తరాన్ని మేనేజర్ రెండుసార్లు చదివి మెకానిక్‌ని పిలిచాడు. ముందు కోడ్ రాసిచ్చారు. ట్యాంకు నింపి, కారు ఆ రాత్రి అక్కడే ఉంచి, పొద్దున్నే స్టార్ట్ చేశారు. మొరాయించింది. బానెట్ ఎత్తి వెతికితే, పెట్రోలు ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే చిన్న వాల్వు మూసుకోవడం లేదనీ, ట్యాంకు నింపినప్పుడల్లా ఆవిరి మరీ ఎక్కువగా వెళ్లిపోతోందనీ తేలింది.

పిన్ని, బాబాయి, నేను కబురందుకుని వెళ్లి షోరూమ్ కౌంటరు దగ్గర నిలబడ్డాం.

“ఎక్కువ పోస్తే ముందు తడిసేది ఆవిరి పట్టే బొగ్గు డబ్బా. అది పొడిగానే ఉంది, అంటే మీ అలవాటు వల్ల కాదు. వాల్వే చెడింది, వారంటీలో మార్చేస్తాం,” అన్నాడు మేనేజర్. “కానీ ఇక మీదట పంపు ఆగితే మీరూ ఆపెయ్యండి మేడమ్.”

“ఆపేస్తాను,” అంది పిన్ని.

“ట్యాంకు సంగతి రాయకపోతే ఈసారీ దీపం ఆర్పి పంపేవాళ్లం. కంపెనీకి పంపే క్లెయిముకి ఈ ఉత్తరమే జతచేస్తాను. ఎవరు రాశారండీ?”

పిన్ని నోరు విప్పేలోపే బాబాయి ముందుకొచ్చాడు.

“మా ఆవిడేనండీ,” అన్నాడు. “ఒక్క ముక్క కూడా కొట్టెయ్యనివ్వలేదు.”