ఏ టైటిల్ గెలిచిందో చెప్పలేని ఎనిమిది వారాలు

నల్గొండలో నేను పనిచేసిన ఆఫీసు రెండు గదులు. కింద మందుల దుకాణం, పైన మేము. వ్యవసాయ శాఖలో చేసి రిటైరైన ఒక సార్ రైతుల కోసం తెలుగులో వెబ్‌సైటు నడిపేవారు. పంట తెగుళ్లు, వాటికి ఏం చేయాలన్న సంగతులు. రాసేది ఆయన, సరిచేసి పెట్టేది నేను. మూడో మనిషి లేరు.

సైటు చూసేవాళ్లూ తక్కువే. సెర్చ్‌లో వెతుక్కుంటూ మా పేజీల్లోకి వచ్చేవాళ్లు రోజుకు అయిదారుగురు. సార్‌కు అది మింగుడుపడేది కాదు.

"టైటిళ్లు సప్పగున్నయమ్మా. 'బత్తాయిలో కాయ రాలుట, నివారణ' అంటే ఎవడొస్తడు? 'మీ బత్తాయి కాయలు రాలుతున్నాయా? ముందు ఇవి చూడండి' అని పెడదాం. అన్నిటికీ గిట్లనే మార్చెయ్."

అన్నీ ఒకేసారి మారిస్తే ఏమైందో తెలియదని చెప్పాను. అలా చెప్పడానికి కారణం ఉంది. అంతకుముందు హైదరాబాద్‌లో ఒక వార్తల సైటులో పనిచేసేటప్పుడు, మూడు రోజుల అంకెలు చూసి ఫలానా రకం టైటిల్ గెలిచిందని అందరి ముందూ ప్రకటించాను. సైటంతా మార్చారు. నెల తిరిగినా ఒక్క మనిషి పెరగలేదు. ఎవరూ నన్ను తిట్టలేదు, కానీ ఆ తర్వాత మీటింగుల్లో నన్ను ఏమీ అడగడం మానేశారు. ఆ మౌనం ఇంకా నా ఒంట్లోనే ఉంది.

అందుకే ఈసారి జాగ్రత్తగా కూర్చున్నాను. సెర్చ్‌లో ఒకే పేజీని సగం మందికి ఒక టైటిల్‌తో, సగం మందికి ఇంకో టైటిల్‌తో చూపించడం మా చేతుల్లో లేదు. కాబట్టి పేజీలనే పంచాలి. ఉన్న ఇరవై నాలుగు పేజీల్లో, దాదాపు ఒకే రద్దీ ఉన్నవాటిని రెండేసి చొప్పున జతలు కట్టాను. ప్రతి జతలో ఏది మార్చాలో బొమ్మా బొరుసూ వేసి తేల్చాను, నా ఇష్టాయిష్టాలు దూరకుండా. పన్నెండు పేజీలకు ప్రశ్న టైటిళ్లు, పన్నెండు పాతవే. సెర్చ్‌లో కొత్త టైటిళ్లు కనబడటం మొదలయ్యాక రోజులు లెక్కపెట్టాలి. ఎనిమిది వారాలు ఆగాలి. ఒకటిన్నర రెట్ల తేడా ఉంటే అప్పటికి బయటపడుతుంది, చిన్న తేడా ఉంటే మా రద్దీకి కనపడనే కనపడదు. ఇదంతా ముందే కాగితం మీద రాసి సార్‌తో సంతకం పెట్టించాను. ఆయన నవ్వుతూ పెట్టారు.

పదో రోజు పొద్దున నేను వచ్చేసరికి ఆయన నా కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు.

"జూసినవా? కొత్తయి ముప్పై ఒక్క క్లిక్కులు, పాతయి పంతొమ్మిది. అరవై శాతం ఎక్కువ!"

అంకె నిజమే. మర్నాడు మేము మహబూబ్‌నగర్ వెళ్లాలి. అక్కడ వేరుశనగ రైతుల సంఘం ఒకటి తమ సైటు పని ఎవరికైనా అప్పగించాలని చూస్తోంది. సార్ ఆ అరవై శాతాన్ని అప్పటికే కాగితం మీద పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి బ్యాగులో పెట్టుకున్నారు.

"సార్, ఇది ఇంకా ఎవరికీ చెప్పకూడదు."

"ఎందుకు చెప్పొద్దు? అబద్ధమా?"

అబద్ధం కాదు, అదే చిక్కు. పేజీలవారీగా విప్పి చూపించాను. ఆ ముప్పై ఒకటిలో పదకొండు ఒక్క పేజీవే: వానలకు పత్తి వాడిపోవడం గురించి రాసింది. ఆ వారమంతా ముసురు. జనం దాన్ని ఎక్కువసార్లు వెతికారు, మా పేజీ ఎక్కువసార్లు కనిపించింది, క్లిక్కులూ పెరిగాయి. టైటిల్ గొప్పతనమని ఎలా అంటాం?

"సరే, వాన తీసెయ్. అయినా ముందే ఉన్నయి గద?"

"వాన లేకపోయినా యాభైలో ముప్పై ఒకటి వింత కాదు సార్. రూపాయి బిళ్ల ఉందా?"

యాభైసార్లు ఎగరేయమన్నాను. ఆయన ఎగరేస్తుంటే నేను గీతలు గీశాను. బొమ్మ ఇరవై ఏడు. రెండోసారి ఇరవై మూడు. మూడోసారి ఇరవై ఆరు. ఆయన చిరాకు పడ్డారు. నాలుగు, అయిదు కూడా మధ్యలోనే ఆగాయి. ఆరోసారి బొమ్మ ముప్పై రెండు, బొరుసు పద్దెనిమిది.

ఆయన బిళ్లను అటూ ఇటూ తిప్పి చూశారు. "దీనికి టైటిల్ ఎవరు మార్చిన్రు?" అన్నారు మెల్లగా. నవ్వలేదు. కాగితం మాత్రం బ్యాగులోంచి తీయలేదు.

మర్నాడు బస్సులో దారి పొడుగునా నా చూపు ఆ బ్యాగు మీదే. అడగాలంటే భయం, అడగకపోతే ఇంకా భయం. ఆయన కళ్లు మూసుకుని కూర్చున్నారు. సంఘం ఆఫీసులో అయిదుగురు పెద్దమనుషులు, టీ గ్లాసులు. వాళ్ల అధ్యక్షుడు సూటిగా అడిగాడు.

"మీ సైటుల ఏదో టైటిళ్ల పరీక్ష పెట్టిన్రట. ఏం తేలింది?"

సార్ బ్యాగు జిప్పు లాగారు. నేను గ్లాసు కింద పెట్టేశాను. ఆయన లోపల చేయి పెట్టి, ఒక క్షణం ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నడుస్తాంది. ఇంక ఏం తేలలె. తేలినంక చెప్త."

"ఇంకోళ్లు వచ్చి చూసేటోళ్లను డబుల్ చేస్తమని చెప్పిపోయిన్రు," అన్నాడు అధ్యక్షుడు.

"ఎంతమంది మీద చూసి చెప్పిన్రో అడుగున్రి," అన్నారు సార్.

ఆయన ఆ సంఘం పనిని చేజారనిచ్చింది నా మాట వల్లేనేమోనని తిరుగు బస్సులో నాకు ఒకటే దిగులు.

మిగిలిన వారాలు గడవడం కష్టమైంది. అంకెలు చూడనని ఒట్టు పెట్టుకున్నాను, రెండుసార్లు తప్పాను. ఒకరోజు పాతవి ముందున్నాయి. ఆఖరికి ఎనిమిది వారాలు నిండాయి. పత్తి హడావుడి తగ్గి, బత్తాయి పేజీలకూ రద్దీ వచ్చి, రెండు గుంపులూ ఇంచుమించు అన్నేసిసార్లే కనిపించాయి. కొత్తవాటికి నూట నలభై ఎనిమిది క్లిక్కులు, పాతవాటికి నూట ముప్పై తొమ్మిది.

"అంటే?" అన్నారు సార్.

"పెద్ద తేడా అయితే లేదు సార్. చిన్నది ఉందో లేదో మన అంకెలతో చెప్పలేం."

"రెండు నెలలు గిందుకేనా?"

జనం ఏ మాటలతో వెతికి వచ్చారో ఉన్న జాబితా తెరిచాను, ఊరికే, చేతులు ఖాళీగా ఉండలేక. 'నివారణ' అని ఒక్కరూ అడగలేదు. 'కాయ రాలుతుంది ఏం మందు కొట్టాలె' అని అడిగారు. సార్ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ప్రశ్న గుర్తు పెట్టడమూ తీయడమూ చిన్న మార్పు. ఇంత తక్కువమందితో పరీక్ష పెట్టాలంటే మార్పు పెద్దదిగా ఉండాలి, రైతు నోటి మాటంత పెద్దదిగా. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని కొత్త టైటిళ్లు రాశాం. మళ్లీ జతలు, మళ్లీ బిళ్ల, మళ్లీ సంతకం.

ఫలితం తేలలేదన్న సంగతిని సార్ సంఘానికి ఉత్తరంగా రాసి పంపారు. ఇంకో నెలకు వాళ్లు మమ్మల్నే పిలిచారు. మేము ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకో, ఆ డబుల్ చేస్తామన్నవాళ్లు మళ్లీ రానందుకో నాకు తెలియదు. అడగడానికి ధైర్యమూ చాలలేదు. వేరుశనగ పేజీలకు రోజుకు ఎంతమంది వస్తారని మాత్రం అడిగాను. ఇద్దరో ముగ్గురో అన్నాడు అధ్యక్షుడు. సార్ నావైపు చూశారు.

"పదహారు వారాలు పడ్తదేమో," అన్నారు.

నేను కాగితం తీసి తేదీ వేశాను.