విడివిడిగా నాలుగు పొట్లాలు

ఆ రోజుల్లో అంటే మరీ గుర్రబ్బండ్ల కాలమనుకోకండి. చేతిలో ఫోను, గంప పక్కన క్యూఆర్ అట్ట, ముక్కు మీద కోపం అన్నీ ఉన్న కాలమే. కాకపోతే నాకు ఇరవయ్యేళ్లు. ఆ వయసులో లోకం గురించి మనకు తెలియనిదంటూ ఏదీ ఉండదు కదా! సికింద్రాబాదు మోండా మార్కెట్ దగ్గర, ఇంకా తెల్లవారకముందే, నన్ను పెంచిన మేనత్త పక్కన గోనెపట్టా పరుచుకుని పూలమ్మేదాన్ని. వచ్చేవాళ్ల పేర్లు నాకు అక్కర్లేదు, వాళ్లు కొనే వాసన చెబితే జాతకం చెబుతాను అని నా ధీమా.

నిజానికి ఆ విద్య మరీ ఉత్తదేమీ కాదు. మల్లెలు పొద్దున బిగిసిన మొగ్గల్లా ఉంటాయి, అప్పుడు వాటికి వాసన ఉండీ ఉండనట్టే. సాయంత్రం విచ్చుకుంటేనే ఘుమఘుమ. కాబట్టి మొగ్గలు కొనే ఆవిడకు సాయంత్రం ఎక్కడికో వెళ్లే పని ఉందన్నమాట. రాత్రే విచ్చినవి తక్కువకి ఇమ్మని అడిగే ఆవిడకు పూజ ఇప్పుడే ఉంది. రాంగోపాల్‌పేట్ నుంచి వచ్చే టీచరమ్మ అసలు వాసనే లేని కనకాంబరాలు తప్ప ముట్టదు, ఆవిడకు పార్శ్వపు తలనొప్పి, ఘాటు వాసన పడదు. మరువం మాత్రమే కొనే పెద్దాయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతాడు, ఎండినా దాని వాసన పోదని. ఇక పువ్వును ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవాళ్లు తలలోకి కొంటారు, చూడనివాళ్లు దేవుడికి కొంటారు. దేవుడి పువ్వును ముందు మనం వాసన చూస్తే అది ఎంగిలి కిందే లెక్క. అన్నిటికంటే పెద్ద సూత్రం, ఒక ఇంటికి ఒకే వాసన. మల్లెల ఇంట్లోకి సంపెంగ అంత సులువుగా అడుగుపెట్టదు.

ఈ సూత్రాలన్నిటినీ తలకిందులు చేస్తూ ఆ వేసవిలో ఒకతను దిగాడు. నల్లగా, పొడుగ్గా, తల వంచుకుని వచ్చేవాడు. రెండు సంపెంగలు, గుప్పెడు విచ్చిన మల్లెలు, ఒక లిల్లీ కాడ, కాస్త మరువం. రోజూ అవే నాలుగు. "జెర విడివిడిగ కట్టుండ్రి మేడం, వాసన కలవొద్దు" అనేవాడు. (నన్ను మేడం అన్న మొదటి మనిషి. అందుకే అనుమానం మరింత పెరిగింది.) ఒక్కనాడూ పువ్వును ముక్కు దగ్గరికి తీసుకెళ్లేవాడు కాదు.

"చూసినవా, వాసన సుత చూడడు. నలుగురు దేవుళ్లకు నాలుగు రకాలు పెడ్తడు. గింత భక్తి ఉన్న పిలగాడు యాడ దొరుకుతడే?" అని మా అత్త మురిసిపోయింది. అక్కడితో ఆగితే బాగుండేది. ఆరా తీసింది. బొల్లారంలో ఒంటరిగా గదిలో ఉంటాడని, హోటల్లో వంట చేస్తాడని, మనవాళ్లేనని తేల్చుకొచ్చి, "ఈ ఐతారం వాళ్ల అమ్మకు ఫోన్ చేస్త. నిన్ను ఆ పిలగానికిచ్చి చేస్తే నా తక్లీఫ్ తీరుతది" అని ప్రకటించింది.

కడుతున్న మాల ఒళ్లో పడేశాను. "అత్తమ్మా, ఒక ఇంటికి ఒకటే వాసనని నువ్వే చెప్పినవ్ గదా! నాలుగు వాసనలంటే నాలుగిండ్లు. నలుగురు ఆడోళ్లున్నరు ఆయనకు. వాసన కలవొద్దంటే ఏందనుకున్నవ్? ఒకరి పూల వాసన ఇంకొకరికి దొరకొద్దని!"

"నీ నోట్ల మన్నువడ. పూలు సక్కగ కట్టు" అంది అత్త.

ఆదివారానికి రెండు రోజులే ఉన్నాయి. నా బతుకును నేనే కాపాడుకోవాలి కదా. పువ్వు పక్కనున్న వాసనను ఇట్టే లాగేసుకుంటుంది, అందుకే ఉల్లిగడ్డల బండిని కూడా మా అత్త దగ్గరికి రానివ్వదు. పక్క గల్లీలో ఎండుచేపలమ్మే ముసలమ్మ దగ్గరికి పోయి, ఒక మోదుగాకును చేపల బుట్టలో కాసేపు దాచిపెట్టించాను. అది తెచ్చి, అతని సంపెంగలను అందులో చుట్టి, పైన శుభ్రమైన ఆకు మరొకటి కప్పి, మేడం అనిపించుకునే మొహంతో ఇచ్చాను. సంపెంగామె ఎవరో గానీ ఆ పొట్లం విప్పి, అతని మొహాన కొట్టి, చీపురు తిరగేస్తుంది. మరునాడు అతని బుగ్గ మీద ఆనవాళ్లు అత్తకు చూపించాలని నా పథకం.

మరునాడు మామూలుకంటే ముందే వచ్చాడు. బుగ్గలు రెండూ భద్రంగానే ఉన్నాయి, కళ్లు మాత్రం ఎర్రబడ్డాయి. సరాసరి మా అత్త ముందు గొంతుకూర్చుని, "అమ్మా, నాకు వాసనొచ్చిందమ్మా!" అన్నాడు.

నేను గబగబా మోదుగాకులు సర్దడం మొదలుపెట్టాను.

"ఆ కరోనా వచ్చి పోయినప్పటి సంది నా ముక్కు సచ్చిపోయిందమ్మా. మసాలా మాడినా తెల్వదు. వంటోనికి ముక్కు లేకపోతె ఎట్ల? నాలుగు తీర్ల వాసనలు పొద్దుగాల, పొద్దుమీకి కండ్లు మూసుకొని చూడుమన్నడు డాక్టర్. కలిసిపోతే ఏదేందో ముక్కుకు తెల్వదంట. ఇక్కడ చూస్తె నలుగురు నవ్వుతరని రూముకు తీస్కపోత. ఇన్ని రోజుల్ల ఏం రాలె. నిన్న రూముకు పోయి సంపెంగ చూస్తె, వచ్చింది! గని..." అతని గొంతు తగ్గింది. "గని కంపు కొట్టిందమ్మా. ఎండుచేప లెక్క. కొందరికి ముక్కు గిట్లనే తప్పు చెప్తదంట, మంచి వాసన సుత పాడుగ కొడ్తదంట. గట్లయితే నా పని ఖతమే. ఇంకో సంపెంగ ఇయ్యుండ్రి, చూస్త."

నేను ఇచ్చాను. ఇవ్వక ఏం చేయను? మొదటిసారి మార్కెట్ నడిమధ్య, అందరూ చూస్తుండగా, కళ్లు మూసుకుని పువ్వును ముక్కుకు ఆనించుకున్నాడు. చాలాసేపు అలాగే ఉండి కళ్లు తెరిచాడు. "ఏం వస్తలేదు" అన్నాడు. ఆ మొహం చూడలేక గంప వైపు తిరిగాను. ముక్కు పోయిన వంటవాడికి అత్త పిల్లనివ్వదు, పెళ్లి తప్పించుకోవడానికి ఇంతకంటే మంచి అదను లేదు, నోరు మూసుకుంటే చాలు. కానీ నోరు మూసుకోవడం నా జాతకంలోనే లేదు.

"నిన్నటిది సంపెంగ వాసన గాదు" అన్నాను. "ఎండుచేపదే. ఆకు నేనే చేపల బుట్టల పెట్టి తెచ్చిన."

మా అత్త నెత్తి కొట్టుకుంది. మరువం పెద్దాయన జేబు మీద చెయ్యేసుకుని నిలబడిపోయాడు. అతను నావైపు తిరిగి, "అంటె... చేపనే చేప అన్నదా నా ముక్కు?" అన్నాడు. ఆ తరువాత ఒకటే నవ్వు. గోనెపట్టా మీద కూలబడి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "నా ముక్కు నిజం చెప్పిందమ్మా! తప్పు చెప్పలె!"

నేనెందుకు అలా చేశానని అడిగితే, నలుగురు ఆడవాళ్ల సంగతి అత్తే పూసగుచ్చినట్టు చెప్పేసింది. (పెద్దవాళ్లకు ఇలాంటప్పుడే జ్ఞాపకశక్తి పెరుగుతుంది.) అతను నవ్వాపుకుంటూ, "ఒక్కరు సుత లేరు మేడం" అన్నాడు. ఐతారం నాడు ఫోన్ చేయవద్దని నేనూ అనలేదు.

పెళ్లయిన కొన్ని నెలలకు మరువం వాసన తెలిసింది, తరువాత లిల్లీ, ఆపైన మల్లె. సంపెంగ అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. ఆ పొద్దు పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా అతను ఆ పువ్వును వదలలేదు. ఇప్పుడు నేను మార్కెట్ నుంచి ఇంటికి రాగానే నా చేతులు పట్టుకుని వాసన చూసి, "ఇయ్యాల లిల్లీ బాగ అమ్మినవ్" అంటాడు. ఒక్కసారీ తప్పదు, సరిగ్గానే ఉంటుంది. నాకేమో ఇన్నేళ్లు పూల మధ్య కూర్చుని కూర్చుని, నా చేతుల వాసన నాకే తెలియడం మానేసింది. లోకాన్నంతా ముక్కుతో చదివేస్తానన్న ఆ ఇరవయ్యేళ్ల పిల్ల ఎదురైతే ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినదు లెండి, దానికి అప్పటికే అన్నీ తెలుసు.