కూలేలా ఉన్న గోడ

మా వదిన పత్రికాఫీసులో సబ్ఎడిటర్. విలేకరులు పంపిన వార్తల్లో పనికిరాని మాటలు కత్తిరిస్తుంది కాబట్టి ఆఫీసులో ఆమె పేరు కత్తెరమ్మ. ఆమె ఎదుట నేను నోరు విప్పితే నా కథల్లోనూ ముప్పాతిక భాగం నేల రాలిపోతుంది.

ఒక సాయంత్రం ఆమె ముందుకు బడి గోడ వార్త వచ్చింది. గోడ ఒరిగింది, పగుల్లో పిడికిలి పడుతోంది. పిల్లలు మధ్యాహ్నం దాని నీడలోనే కూర్చుని తింటారు. విలేకరి పెట్టిన శీర్షిక: ‘శిథిలావస్థలో పాఠశాల గోడ’. కాన్వెంటులో చదివిన నాకు ఆ మొదటి మాట పలికేసరికే దవడ నొప్పెడుతుంది.

వదిన దాన్ని కొట్టేసి ‘కూలేలా ఉన్న బడి గోడ’ అని పెట్టింది.

డెస్క్ ఇన్‌ఛార్జి గాభరాపడ్డాడు. “అక్కా, శిథిలావస్థ అంటే హుందాగా ఉంటుంది. ఎవరూ తప్పు పట్టరు.”

“ఎవరూ చదవరు కూడా. మన బస్టాండు శిథిలావస్థ, నీళ్ల ట్యాంకు శిథిలావస్థ. రాసీ రాసీ మనకే అరిగిపోయింది. ఒక్కటైనా బాగుచేశారా?”

“కూలేలా ఉందని రాశాక కూలకపోతే?”

“కూలకూడదనే కదయ్యా రాసేది!”

“రేపు విద్యాశాఖ ఆఫీసరు ఫోన్ చేస్తే నువ్వే మాట్లాడుకో.”

“ఓ, దివ్యంగా!”

అలాగని ఊరికే అనేసే మనిషి కాదు. విలేకరికి ఫోన్ చేసి, గోడ చూసి వెళ్లిన ప్రభుత్వ ఇంజినీరు సరిగ్గా ఏమన్నాడో చెప్పించుకుంది. ఈ వానలకు నిలబడదన్నాడట. ఆ ముక్కను వార్త మొదటి వాక్యంలోకి ఎక్కించి, శీర్షికను రెండు కాలమ్‌లలో ఒకే వరసలో పట్టేలా సర్ది పేజీ వదిలింది.

తెల్లారేసరికి తల్లులంతా బడి గేటు ముందు పేపరు పట్టుకుని నిలబడ్డారు. ఒక్క పిల్లనీ లోపలికి పోనివ్వలేదు. ఆఫీసరు నిజంగానే వదినకు ఫోన్ చేశాడు.

“కూలేలా ఉందని రాస్తారా? ఎప్పుడు కూలుతుందో చెప్పండి చూద్దాం!”

“అది మీ ఇంజినీర్నే అడగండి సార్. పిల్లలు అన్నానికి కూర్చునేలోపు అడిగితే మంచిది.”

మధ్యాహ్నం కాకముందే జేసీబీ వచ్చింది. చూద్దామని నేనూ వెళ్లాను. డ్రైవరు హారన్ కొట్టగానే గోడ పడిపోయిందని నేను అందరికీ చెబుతున్నాను. నిజానికి అతను జేసీబీ తొట్టెను గోడకు ఒక్కసారి ఆనించాడు. అంతే, గోడ మొత్తం దభీమని లోపలివైపే పడింది, సరిగ్గా పిల్లలు కూర్చునే చోట. దుమ్ము అణిగాక పిల్లలు వేసిన ఈలలకు నా చెవులు ఇప్పటికీ గింగురుమంటున్నాయి.

ఆ సాయంత్రం ఇన్‌ఛార్జి శీర్షిక తానే కట్టి వదిన ముందు పెట్టాడు: ‘బడి గోడ కూల్చేశారు’.

“సరిపోయిందా అక్కా?”

కత్తెరమ్మ ఒక్క మాటా తీయలేదు.

“అక్షరాలు ఇంకాస్త పెద్దవి చెయ్యి తమ్ముడూ,” అంది.