డ్యూటీ రోజుల్లో వేసుకోని మాత్రలు

ఉత్తరం వచ్చిన రోజు డ్రైవరు మొదటి షిఫ్టు దిగి ఇంటికొచ్చి, బూట్లయినా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు. ముప్పై ఏళ్లుగా సిటీ బస్సు నడిపిన నడుము అది. కూర్చున్నా నొప్పే, లేచినా నొప్పే. భార్య కవరు తెచ్చి చేతిలో పెట్టింది. పరాయి దేశంలో పనిచేస్తున్న కూతురు రాసింది. ఫోనులో చెబితే నాన్న మాట మార్చేస్తున్నాడని ఈసారి కాగితం మీద పెట్టింది.

"నాన్నా, ఇక్కడ ఒక పెద్దాయన్ని చూసుకోవడమే నా పని. రోజూ ఆయనకి మాత్రలిచ్చి, మింగేదాకా అక్కడే నిలబడతాను. ఎవరి నాన్నకో ఇంత చేస్తున్నా. మా నాన్న వేసుకున్నాడో లేదో మాత్రం నాకు తెలీదు. బీపీ మాత్రలు ఒక్క రోజు కూడా మానకు. డాక్టరు రమ్మన్నప్పుడు వెళ్లు. నాకోసం."

చదివి ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సిగ్గేసింది. ఎందుకంటే అసలు సంగతి ఆయనకి, ఆయన బస్సుకి తప్ప ఎవరికీ తెలియదు.

మొదట్లో మాత్ర ఒక్కటే. బుద్ధిగానే వేసుకున్నాడు. తర్వాత డాక్టరు ఒంట్లో నీరు తీసే మాత్ర ఇంకోటి కలిపింది. దాంతో మొదలయ్యాయి తిప్పలు. అరగంటకోసారి ఒంటికి వెళ్లాలి. నిండు బస్సును నడిరోడ్డు మీద ఆపి డ్రైవరు ఎక్కడికి పోతాడు? రెంటిలో ఏది పరుగులు పెట్టిస్తోందో అడగడానికి మొహమాటపడి, డ్యూటీ ఉన్న రోజుల్లో రెండూ మానేశాడు. వారానికో సెలవు రోజు మాత్రం భక్తిగా మింగేవాడు. మూణ్ణెల్లకోసారి ఆరోగ్య కేంద్రానికి వెళ్తే బీపీ కొండెక్కి కూర్చునేది. "రోజూ వేసుకుంటున్నారా?" అని డాక్టరు అడిగితే, "ఒక్కటీ మానలేదమ్మా" అనేవాడు. పాపం, ఆవిడ నమ్మింది. డోసు పెంచింది, మూడోది కూడా రాసింది. రెండు వారాల్లో వచ్చి చూపించుకోమంది. వెళ్లలేదు. వెళ్తే ఒక రోజు జీతం, పైగా ఇంకో అబద్ధం.

ఉత్తరం చదివిన మర్నాటి నుంచి మూడు మాత్రలూ ఒకేసారి, ఒక్క పూట తప్పకుండా వేసుకున్నాడు. కూతురు అడిగిన మాట మరి. ఇక బస్సు ఆపకుండా ఉండటానికి తనకు తోచిన ఉపాయం ఒకటి చేశాడు. నీళ్లు తాగడం మానేశాడు. రెండో రోజుకే తల తేలిపోతున్నట్టు అనిపించింది. మందు పనిచేస్తోంది కాబోలు అనుకుని సరిపెట్టుకున్నాడు.

నాలుగో రోజు చివరి స్టాపులో జనం దిగిపోయాక సీటులోంచి లేచాడు. కళ్లు బైర్లు కమ్మాయి. కమ్మీ దొరకలేదు. మెట్ల మీద పడ్డాడు. కండక్టరు పరుగెత్తుకొచ్చి లేపి, ఆటోలో ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాడు. "అన్నా, బండి కదిలేటప్పుడు ఇలా అయ్యుంటే? అప్పుడు వెనక నలభై మంది ఉన్నారు!" అని దారంతా అదే మాట.

పడుకోబెట్టి బీపీ చూశారు. తొంభైకి దిగింది. కూర్చోబెట్టి చూస్తే ఇంకా కిందికి పోయింది. డాక్టరు మొహం మారిపోయింది.

"నెలల తరబడి వేసుకుంటున్న మందులే కదండీ. ఇప్పుడెందుకిలా పడిపోయింది? లోపల ఎక్కడైనా రక్తం పోతోందేమో, గుండెకేమైనా అయిందేమో. పెద్దాసుపత్రికి పంపిస్తాను."

డ్రైవరు లెక్కలేసుకున్నాడు. నిజం చెబితే స్టీరింగు మళ్లీ చేతికిస్తారో లేదో. చెప్పకపోతే లేని జబ్బుకు ఒళ్లంతా గాలిస్తారు. నలభై మంది అన్న మాట మాత్రం చెవుల్లోంచి పోవడం లేదు.

"ఈ నాలుగు రోజులే వేసుకున్నానమ్మా. అంతకుముందు వారానికోసారే."

డాక్టరు పెన్ను కింద పెట్టేసింది. "అంటే ఇన్నాళ్లూ నేను డోసు పెంచింది మీ బీపీకి కాదు, మీ అబద్ధానికి. మానేసిన మందులు మళ్లీ మొదలుపెట్టే ముందు నన్నొక్క మాట అడగొద్దూ?"

సెలైను పెట్టి, గుండె పరీక్షా రక్త పరీక్షా చేయించింది. నీరు తీసే మాత్ర తీసేసింది. ఇంకోటీ ఆపింది. ఒక్కటే, తక్కువ డోసులో, రెండ్రోజులాగి మొదలుపెట్టమంది. వారం వారం వచ్చి చూపించుకోవాలి. బీపీ కుదుటపడి తాను కాగితం రాసిచ్చేదాకా బస్సు ఎక్కకూడదు.

ఇంటికొచ్చి కూతురికి తనే ఫోను చేశాడు. దాచకుండా అంతా చెప్పాడు. "నీ ఉత్తరం వల్ల కాదమ్మా, నా వల్లే" అని రెండుసార్లు అన్నాడు. అవతల కూతురు ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది.

మర్నాడు సాయంత్రం ఆమే చేసింది. "నీళ్లు తాగుతున్నావా నాన్నా?"

"తాగుతున్నానమ్మా."

"నిజంగా?"

పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల తండ్రిని ఆ మాట అడగలేదు. కోపం తెచ్చుకునే హక్కు ఆయనకి లేదు. ఫోను భార్య చేతికిచ్చి, "నువ్వు చెప్పవే. నేను చెబితే నమ్మదు" అన్నాడు.